మిల్లీమీటరు తప్పుకి ఆరు మిల్లీమీటర్ల శిక్ష: కటకం బొమ్మలు దిద్దిన డైరీ

సోమవారం

టేబుల్ మీద ముప్ఫై ఎనిమిది బొమ్మలున్నాయి. ప్రశ్న నేనిచ్చిందే. కుంభాకార కటకం నాభ్యంతరం 3 సెం.మీ. 2 సెం.మీ. ఎత్తున్న వస్తువు కటకానికి 5 సెం.మీ. దూరంలో ప్రధానాక్షం మీద నిటారుగా ఉంది. అసలు కొలతలతోనే కిరణ చిత్రం గీసి, ప్రతిబింబం ఎంత దూరంలో, ఎంత ఎత్తుతో వచ్చిందో కొలిచి రాయాలి. తెల్ల కాగితం, పెన్సిల్, స్కేలు. ఐదు మార్కులు.

వస్తువు దూరం u, ప్రతిబింబం దూరం v, నాభ్యంతరం f అనుకుని లెక్క చేస్తే రావాల్సింది ఇది:

1/v − 1/u = 1/f, u = −5, f = +3
1/v = 1/3 − 1/5 = 2/15, కాబట్టి v = 7.5 సెం.మీ.

ఆవర్ధనం v/u = −1.5. అంటే కటకానికి అవతల 7.5 సెం.మీ. దగ్గర, 3 సెం.మీ. ఎత్తుతో, తలకిందులుగా నిజ ప్రతిబింబం.

ఇన్నాళ్లూ ఇలాంటి బొమ్మల్ని కంటిచూపుతోనే దిద్దాను. ప్రతిబింబం 2F ని, అంటే నాభ్యంతరానికి రెట్టింపు దూరాన్ని దాటిందా, తలకిందులైందా, వస్తువు కంటే పెద్దదా అని చూసి టిక్కు పెట్టేయడమే. పోయినసారి ఒక పిల్లాడు రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి, ‘సార్, వాడిదీ నాదీ ఒకేలా ఉన్నాయి కదా, నాకెందుకు ఒకటి తగ్గింది?’ అని అడిగాడు. తల గోక్కున్నాను. నిజంగానే ఒకేలా ఉన్నాయి. అందుకే ఈసారి పట్టుబట్టాను. ఏ మార్కు ఎందుకు పోయిందో స్కేలు పెట్టి చూపించగలిగేలా దిద్దాలి.

మొదటి ఆలోచన తేలికైందే. సరైన బొమ్మని పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద ప్రింటు తీసి ప్రతి బొమ్మ మీదా పరిస్తే, తప్పులు వాటంతటవే కనబడతాయి కదా. సాయంత్రానికి షీటు తయారైంది.

మంగళవారం

షీటు పెట్టి పది బొమ్మలు చూశాను. పదింటికి పదీ తప్పే! అందరి నాభీ నా నాభి కంటే కొంచెం అవతల ఉంది. అందరి వస్తువూ నా వస్తువు కంటే దూరంగా ఉంది. పిల్లలంతా కూడబలుక్కుని ఒకే తప్పు చెయ్యరు. షీటునే స్కేలుతో కొలిచాను. కటకం మధ్య బిందువు O నుంచి అవతలి నాభి F₂ వరకు 3 సెం.మీ. ఉండాల్సిన చోట 2.9 కూడా లేదు. ప్రతిబింబం 7.5కి బదులు 7.2 దగ్గరుంది. ప్రింటు తీసేటప్పుడు `Fit to page` అని ఉంది, నేను చూసుకోలేదు. బొమ్మ మొత్తం నాలుగు శాతం చిక్కిపోయింది.

`Actual size` పెట్టి మళ్లీ తీశాను. ఈసారి షీటు అంచున సరిగ్గా 10 సెం.మీ. గీత ఒకటి చేర్చాను. పని మొదలుపెట్టే ముందు దాన్ని మామూలు స్కేలుతో కొలవడం అలవాటు చేసుకోవాలి.

కొత్త షీటుతోనూ చిక్కు తీరలేదు. ఒక బొమ్మలో ప్రతిబింబం 8.1 దగ్గరుంది. షీటు ప్రకారం ఆరు మిల్లీమీటర్ల తప్పు. కానీ కిరణాలు చూస్తే శుభ్రంగా ఉన్నాయి. మొదటి కిరణం అక్షానికి సమాంతరంగా వెళ్లింది, కటకం దగ్గర వంగింది, ఆ అమ్మాయి గుర్తించిన నాభి గుండా పోయింది. రెండోది O గుండా వంకర లేకుండా పోయింది. మరి తప్పెక్కడ? నాభి 3.1 దగ్గర గుర్తించింది. అంతే. ఒక్క మిల్లీమీటరు.

కాగితం తీసుకుని లెక్క వేశాను. f = 3.1, u = 5 అయితే v = 15.5/1.9 = 8.16. ఆ అమ్మాయి బొమ్మ ఎంత నిజాయతీగా ఉందంటే, తన నాభికి రావాల్సిన చోటే ప్రతిబింబం వచ్చింది. నాభి గుర్తులో జరిగిన మిల్లీమీటరు పొరపాటు ప్రతిబింబం దగ్గరికి వచ్చేసరికి ఆరు మిల్లీమీటర్లయింది.

ఇదేమీ వింత కాదు. నాభ్యంతరంలో చిన్న తేడా v లో (v/f)² రెట్లు పెరుగుతుంది. ఇక్కడ (7.5/3)² అంటే 6.25. వస్తువు దూరంలో తేడా అయితే (v/u)² రెట్లు, అంటే 2.25. వస్తువు నాభికి దగ్గరయ్యేకొద్దీ ఈ గుణకాలు పెరుగుతాయి. నాకు తెలియకుండానే పిల్లల పెన్సిల్ మొనకి గట్టి పరీక్ష పెట్టాను.

కాబట్టి షీటు పెట్టి ప్రతిబింబం స్థానం పోల్చడం అన్యాయం. ప్రతి బొమ్మనీ దాని సొంత గుర్తులతోనే తూచాలి. షీటుతో చూడాల్సింది నాభులు, వస్తువు, కటకం గీత మాత్రమే. ఆ తర్వాత షీటు పక్కన పెట్టి స్కేలు పట్టుకోవాలి.

బుధవారం

చూసే వరుస మార్చాను. ఇప్పటిదాకా చూపు ముందు ప్రతిబింబం మీదికి పోయేది. అలా కాకుండా కటకం గీత దగ్గర మొదలుపెడుతున్నాను. ప్రతి కిరణానికీ ఒక్క ప్రశ్న: నిలువు గీతని ఏ ఎత్తులో తాకింది, తాకాక ఎక్కడికి పోయింది?

సమాంతర కిరణం వస్తువు కొన నుంచి బయల్దేరుతుంది కాబట్టి కటకం గీతని సరిగ్గా 2 సెం.మీ. ఎత్తులో తాకాలి. సమాంతరంగా ఉందో లేదో కంటికి తెలియదు. కొలిస్తే తెలుస్తుంది. ఒక బొమ్మలో 1.9 వచ్చింది, కిరణం కాస్త కిందికి వాలింది. ఆ ఒక్క మిల్లీమీటరుకే కలిసే చోటు 8.1కి జరిగిపోయింది. నిన్నటి అమ్మాయి నాభి తప్పుకి ఎంత జరిగిందో దాదాపు అంతే. అంటే ప్రతిబింబాన్ని మాత్రమే చూసేవాడికి ఈ రెండు బొమ్మలూ ఒకటే. కానీ ఒకరు నాభి గుర్తించడంలో జారారు, ఇంకొకరు కిరణం గీయడంలో.

O గుండా పోయే కిరణం తేలిక. వస్తువు కొన మీదా O మీదా స్కేలు ఆనించి చూస్తే అవతలి భాగం కూడా స్కేలు వెంటే ఉండాలి. పిల్లలు ఈ కిరణాన్ని కటకం దాకా ఒకసారి, అవతల ఇంకోసారి స్కేలు పెట్టి గీస్తారు. ఆ అతుకు దగ్గరే రెండు డిగ్రీల వంకర దొరుకుతుంది.

వంకర ఇంకా ఎక్కువ ఉంటే అది చెయ్యి జారడం కాదు, ఏదో కారణం ఉంటుంది. ఇవాళ ఒక బొమ్మ అలాంటిదే వచ్చింది. O దగ్గర మధ్య కిరణం నిండుగా వంగింది. చాలాసేపు అర్థం కాలేదు. తర్వాత మొదటి కిరణాన్ని చూశాను. అది వంగి F₂ కి కాకుండా 2F₂ కి పోయింది. 6 సెం.మీ. దగ్గర అక్షాన్ని కోస్తే దాని వాలు 2/6. మధ్య కిరణం వాలు 2/5. మధ్యది ఎక్కువ నిటారుగా దిగుతోంది కాబట్టి కటకానికి అవతల ఆ రెండూ ఎంత పొడిగించినా కలవవు. పిల్లాడు కలిసే చోటు కోసం వెతికి, దొరక్క, మధ్య కిరణాన్నే పైకి వంచేసి ఒక చోట కలిపేశాడు. నేను తప్పు కింద గీత గీసింది మధ్య కిరణం దగ్గర. అసలు తప్పు 2F₂ దగ్గరుంది. పేపరు మీద ‘రెండు కిరణాలూ కలవకపోతే మొదటిది ఏ బిందువుకి పోయిందో చూసుకో’ అని రాశాను. దర్పణాల్లో వక్రతా కేంద్రం గుండా వెళ్లే కిరణం గురించి చదివి, ఇక్కడ F, 2F కలగలిపేసుకుంటున్నారని నా అనుమానం.

గురువారం

ఇవాళంతా లావు కటకాల గొడవే.

చాలామంది కటకాన్ని బొద్దుగా గీస్తారు. పుస్తకంలో అలాగే ఉంటుంది, తప్పు లేదు. కిరణం తాకే ఎత్తులో 8 మి.మీ. మందం ఉన్న బొమ్మ తీసుకున్నాను. గీసిన అమ్మాయి కటకం మధ్య నిలువు గీత వేసింది, O గుర్తించింది, నాభులు O నుంచే కొలిచింది. కానీ సమాంతర కిరణాన్ని ముందు ఉపరితలం తాకగానే వంచేసింది. నిలువు గీతకి 4 మి.మీ. ముందే అన్నమాట. అక్కడి నుంచి F₂ కి నేరుగా గీసింది. అంటే 2 సెం.మీ. దిగడానికి 3 సెం.మీ. బదులు 3.4 సెం.మీ. తీసుకుంది. వాలు తగ్గింది. మధ్య కిరణాన్ని కలిసేసరికి 9.4 దగ్గర తేలింది. కొలిచి చూస్తే పేపరు మీద కూడా 9.4 రాసి ఉంది. ముచ్చటేసింది, మార్కు మాత్రం తగ్గించక తప్పలేదు.

ఇంకో పేపర్లో ఇదే తప్పు తిరగేసి ఉంది. కిరణం వెనక ఉపరితలం దాకా తిన్నగా పోయి అక్కడ వంగింది. అది 6.25 దగ్గర కలవాలి, కలిసింది కూడా అక్కడే. ముందు ఉపరితలం దగ్గర వంచితే 9.4, వెనక వంచితే 6.25, మధ్య గీత దగ్గర వంచితే 7.5. కటకం లావు ఎంతున్నా సరే, వంపు మాత్రం నిలువు మధ్య గీత దగ్గర ఒక్కసారే రావాలన్న నియమం ఎందుకో ఈ మూడు అంకెలు చూస్తే తెలుస్తుంది. నిజమైన గాజులో కిరణం రెండు చోట్లా వంగుతుంది. పలుచని కటకం అనుకున్నాం కాబట్టి ఆ రెండు వంపుల్నీ కలిపి ఒకచోట పెట్టుకున్నాం. దాని మీదే 3 సెం.మీ. అన్న నాభ్యంతరం కూడా నిలబడి ఉంది. ఒక వంపుని గాజు అంచుకి జరిపి, నాభిని O నుంచే కొలిస్తే రెండూ పొసగవు.

ఒకతను ఇంకో అడుగు ముందుకేసి రెండు ఉపరితలాల దగ్గరా వంచాడు. లోపల ఎంత వంగాలో ఎలా తెలిసిందని అడగాలనిపించింది. ఊహించి గీసుంటాడు.

సాయంత్రం స్టాఫ్ రూములో ఈ బొమ్మ చూసి పక్క సెక్షన్ మేడమ్, ‘మాస్టారూ, ఇతను మిగిలినవాళ్ల కంటే నిజానికే దగ్గరగా ఉన్నాడు కదా’ అన్నారు. నిజమే. కానీ ఆ వంపులు వక్రీభవన సూత్రంతో లెక్క కట్టినవి కావు. నాకు నచ్చిన ఆలోచనే అయినా ఆ కిరణానికి మార్కు వేయలేదు. అంచున ‘రెండు చోట్లా వంగడం నిజం, ఈ బొమ్మలో మధ్య గీత మీద ఒక్కసారే’ అని రాశాను.

శుక్రవారం

పదిహేడో పేపరు: ప్రతిబింబం 7.5, ఎత్తు 3.0. గీతలు సన్నగా, శుభ్రంగా ఉన్నాయి. చూడగానే ఐదుకి ఐదు వేసేసి, వరుస ప్రకారం స్కేలు పెట్టాను.

F₂ గుర్తు 3.3 దగ్గరుంది. మొదటి కిరణం దాని గుండా పోలేదు! అక్షాన్ని సరిగ్గా 3.0 దగ్గర కోసింది. అంటే నాభిని తప్పు చోట గుర్తించి, కిరణాన్ని ఒప్పు చోటికి పంపాడు. ఇది ఎలా కుదురుతుంది? ఒక్కటే దారి. ముందు సూత్రంతో 7.5 కట్టి, 3 సెం.మీ. బాణం దింపి, దాని కొనకి గీతలు కలిపాడు. కటకం గీత మీద 2 సెం.మీ. ఎత్తు నుంచి 7.5 దగ్గర 3 సెం.మీ. కిందికి గీత గీస్తే అది 3.0 దగ్గర అక్షాన్ని దాటక తప్పదు. తన నాభి గుర్తు పక్కనే 3 మి.మీ. తేడాతో కిరణం పోతున్నా అతను చూసుకోలేదు. ఎందుకంటే నాభితో అతనికి పనే పడలేదు.

రెండో ఆనవాలు ప్రతిబింబం బాణం. అది కిరణాల కంటే ముదురుగా ఉంది, పైగా కిరణాలు దాని మీద నుంచి పోయాయి. బొమ్మ గీసినవాళ్లకి ప్రతిబింబం ఆఖర్న వస్తుంది, కిరణాల మీద బాణం పడుతుంది. ఇక్కడ తిరగబడింది. అయినా పెన్సిల్ ముదురుని బట్టి మార్కు తగ్గించలేను. 3 మి.మీ. తేడాని బట్టి తగ్గించగలను. అతన్ని పిలిచి అడిగితే, ‘సార్, లెక్క ముందే చేసేశా’ అని నవ్వేశాడు. తప్పేం లేదు, కానీ ప్రశ్న అడిగింది బొమ్మ చెప్పే జవాబు. ఆ కిరణం మార్కు పోయింది. మధ్య కిరణం, ప్రతిబింబం, కొలతల మార్కులు ఉంచాను. F₂ 3 మి.మీ. జరిగింది కాబట్టి అమరిక మార్కు కూడా పోయింది. ఐదులో మూడు. అతని పక్కనే, 8.1 దగ్గర ప్రతిబింబం వచ్చిన మంగళవారపు అమ్మాయికి ఐదుకి ఐదు. జవాబు ఒప్పైనవాడికి మూడు, తప్పైన అమ్మాయికి ఐదు అంటే ఇంట్లోవాళ్లు నన్నే అడుగుతారు. స్కేలు తీసి చూపిస్తాను.

ఈ రెండు పేపర్ల తర్వాత మార్కుల పద్ధతి దాదాపు ఖరారైంది. కటకం గీత, రెండు నాభులు, వస్తువు: 1 మి.మీ. తేడా వరకు సరే, ఒక మార్కు. కిరణాలు రెండు, ఒక్కో దానికి ఒక మార్కు, బాణం గుర్తు లేకపోతే అందులో సగమే. వాళ్ల సొంత కిరణాలు కలిసిన చోట అక్షానికి లంబంగా ప్రతిబింబం గీస్తే ఒకటి. కొలిచి రాసిన దూరం, ఎత్తు ఆ సొంత బొమ్మతో సరిపోతే ఇంకొకటి. బాణాల విషయంలో నేను కాస్త కఠినం. కిరణానికి దిశ లేకపోతే, అది వస్తువు నుంచి కటకానికి పోతోందో అటునుంచి ఇటు వస్తోందో బొమ్మ చెప్పదు.

ఇద్దరు కటకానికి అవతలి కిరణాల్ని చుక్కల గీతలుగా వేశారు. చుక్కలు వెలుతురు నిజంగా పోని చోటికి, వెనక్కి పొడిగించిన గీతలకి. ఇక్కడ కాంతి నిజంగా అక్కడికే పోతుంది. వస్తువు F లోపల ఉన్న బొమ్మ మనసులో పెట్టుకుని గీశారు.

శనివారం

ఇవాళ ‘సొంత బొమ్మతో సరిపోతే’ అన్నదానికి ఎంత తేడా ఒప్పుకోవాలో తేల్చుకోవాల్సి వచ్చింది. 2 మి.మీ. అనుకున్నాను. కానీ పేపర్లు చూస్తే కిరణాలు కలిసిన చోటు బిందువులా లేదు, పొడుగాటి మచ్చలా ఉంది. మచ్చలో ఈ చివర కొలిస్తే 7.4, ఆ చివర కొలిస్తే 7.6.

కోణమానిని పెట్టి చూస్తే కారణం దొరికింది. మొదటి కిరణం అక్షంతో దాదాపు 34 డిగ్రీలు చేస్తుంది, మధ్యది 22 డిగ్రీలు. రెండూ ఒకదాన్నొకటి 12 డిగ్రీల కోణంలోనే కోసుకుంటాయి. అర మిల్లీమీటరు మందం ఉన్న పెన్సిల్ గీతలు అంత వాలుగా కోసుకుంటే మచ్చ కిరణాల వెంట రెండు మిల్లీమీటర్లకి పైగానే సాగుతుంది. కాబట్టి పద్ధతిలో 3 మి.మీ. అని మార్చాను.

అప్పుడే మూడో కిరణం గుర్తొచ్చింది. చాలామంది రెండే గీస్తారు, రెండు చాలనే చెబుతాం. ఏడుగురు మాత్రం ఇవతలి నాభి F₁ గుండా వెళ్లి కటకం తర్వాత అక్షానికి సమాంతరంగా పోయే కిరణాన్ని కూడా గీశారు. వస్తువు కొన నుంచి F₁ కి 2 సెం.మీ. అడ్డంగా, 2 సెం.మీ. కిందికి. అంటే నలభై అయిదు డిగ్రీల వాలు. అలాగే పోతే కటకం గీతని అక్షానికి 3 సెం.మీ. కింద తాకుతుంది. ఆ తర్వాత సమాంతరమే కాబట్టి ఆ 3 సెం.మీ.యే ప్రతిబింబం ఎత్తు! అంటే ప్రతిబింబం ఎంతుంటుందో కటకం గీత మీదే ముందుగా చదివేయొచ్చు. పైగా ఈ కిరణం మొదటిదాన్ని 34 డిగ్రీల కోణంలో కోస్తుంది. మచ్చ మిల్లీమీటరుకి తగ్గుతుంది. దిద్దేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఒక్క ఇబ్బంది ఉంది. ఏడుగురిలో నలుగురి కటకం అక్షానికి కింద రెండున్నర సెంటీమీటర్లే ఉంది. కిరణం కటకాన్ని తాకకుండా దాని కింద నుంచి పోతోంది. ముగ్గురు నిలువు గీతని కిందికి పొడిగించి దాని మీద వంచారు. అది సరైనదే. ఈ గీతలు గీసేది ప్రతిబింబం ఎక్కడుందో పట్టుకోవడానికి. నిజంగా ఏ కిరణాలు గాజులోంచి పోతాయన్నది వేరే సంగతి. నాలుగోవాడు కిరణాన్ని కటకం అంచు దగ్గరే వంచాడు. 2.5 దగ్గర వంగితే ప్రతిబింబం ఎత్తు కూడా 2.5 అయిపోయి, మిగతా రెండు కిరణాలతో కలవలేదు. ఒక చిన్న త్రిభుజం ఏర్పడింది.

త్రిభుజం చూస్తే నాకు భయం లేదు. నిజాయతీగా గీసిన మూడు కిరణాలు అర మిల్లీమీటరో, మిల్లీమీటరో తేడాతో త్రిభుజమే అవుతాయి. మూడూ సూదిమొనంత బిందువులో కలిస్తేనే స్కేలు తీస్తాను.

ఆదివారం

అన్నీ దిద్దడం అయిపోయింది. నిన్నటి 3 మి.మీ. నియమంతో మొదటి పదిహేను పేపర్లు మళ్లీ చూడాల్సొచ్చింది. రెండు పేపర్లలో అర మార్కు పెరిగింది.

ఇది చాలా నెమ్మది పని. ఒక్కో బొమ్మకి మూడు నిమిషాలు పట్టింది. వరుస అలవాటయ్యాక రెండు. షీటుతో అమరిక చూడటం, కటకం గీత మీద మొదటి కిరణం ఎత్తు, అది అక్షాన్ని కోసిన చోటు, మధ్య కిరణం మీద స్కేలు, చివర్న ప్రతిబింబం. ఈ నాలుగైదు కొలతల్లో ఏదైనా తేడా పడితే, దాన్ని బట్టి సొంత కిరణాలు ఎక్కడ కలవాలో వేళ్ల మీద లెక్క కట్టొచ్చు. మొదటి కిరణం కటకం గీత మీద y ఎత్తులో వంగి f దగ్గర అక్షాన్ని కోస్తే, కలిసే దూరం ఇంత:

v = y / (y/f − 2/5)

y = 2, f = 3 పెడితే 7.5. y = 1.9 పెడితే 8.1. పేపరు అంచున ఈ ఒక్క అంకె రాసి పెడితే పిల్లలకి తప్పు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. లావు కటకం బొమ్మలకి ఇది పనికిరాదు, వాటికి విడిగా చేశాను.

వచ్చేసారి ఇదే ప్రశ్న ఇవ్వను. వస్తువుని 9 సెం.మీ. దగ్గర పెడితే ప్రతిబింబం 4.5 దగ్గర, 1 సెం.మీ. ఎత్తుతో వస్తుంది. నాభి గుర్తులో మిల్లీమీటరు తప్పుకి ప్రతిబింబం రెండు మిల్లీమీటర్లకి కొంచెం పైన జరుగుతుందంతే. మొదటి రెండు కిరణాలు 21 డిగ్రీల కోణంలో కోసుకుంటాయి కాబట్టి మచ్చ కూడా చిన్నదే. F, 2F మధ్య వస్తువు కావాలనుకుంటే గ్రాఫు కాగితం ఇచ్చి, వస్తువు ఎత్తు 3 సెం.మీ. చేస్తాను. ప్రతిబింబం నాలుగున్నర సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. కటకం గీత అక్షానికి అటూ ఇటూ ఐదు సెంటీమీటర్లు ఉండాలని ప్రశ్నలోనే రాస్తాను.

రేపు పేపర్లు ఇచ్చేయాలి. పదిహేడోవాడి పేపరు మీద F₂ గుర్తు చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన కిరణం అక్షాన్ని కోసిన చోట ఇంకో సున్నా చుట్టి, మధ్యలో ‘3 మి.మీ.’ అని రాశాను.